ఆపమన్నారా, ఆపారటా?

కొరియన్ సీరియళ్ళు చూసేవాళ్ళందరికీ ఒక మాట బాగా తెలుసు. ఎవరో ఒక షాకింగ్ విషయం చెప్తారు, ఎదుటివాళ్ళు కళ్ళు పెద్దవి చేసి "మ్వొరగో?" అంటారు. కింద సబ్‌టైటిల్‌లో "ఏంటీ?" అని పడుతుంది. నిజానికి దాని అర్థం "ఏంటీ" కాదు, "ఏమనీ?". మ్వొ అంటే ఏమి, రగో అంటే దాదాపు మన "అని". ఆ చిన్న "గో" వెనకాల కొరియన్ వ్యాకరణంలో ఒక పెద్ద గది ఉంది. ఒకరన్న మాటను ఇంకొకరికి చేరవేసే గది అది. మా ఫ్లోర్‌లో కొరియన్ మొదలుపెట్టిన నలుగురిలో ముగ్గురు అక్కడే ఆగిపోయారు కాబట్టి దాని గురించి రాయాలనిపించింది.

మనం పదో తరగతిలో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అని ఇంగ్లీషులో నేర్చుకున్నాం. కాలం ఒక మెట్టు వెనక్కి జరపాలి, టుమారో తీసేసి నెక్స్ట్ డే పెట్టాలి, ప్రశ్నయితే ఇఫ్ తగిలించాలి. ఆ లెక్కతో కొరియన్‌కి వెళ్తే చిక్కే, ఎందుకంటే కొరియన్‌లో కాలం వెనక్కి జరగదు. అవతలివాడు ఏ కాలంలో అన్నాడో అదే కాలంలో ఉంటుంది, మన "వస్తానన్నాడు"లో లాగా. జరిగేది వేరే ఉంది. అవతలివాడు చెప్పింది సంగతా, ప్రశ్నా, ఆజ్ఞా, లేక "పదండి చేద్దాం" అనే పిలుపా అన్నది క్రియ చివర ముద్ర పడుతుంది. మిగతావన్నీ రాలిపోయినా ఆ ముద్ర మాత్రం ఉంటుంది.

నాకు ఇది పుస్తకంలో అర్థం కాలేదు, పోయిన వేసవి ఇంటర్న్‌షిప్‌లో అర్థమైంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. వాటిలో ఒకదాంట్లో నేను ఆరు వారాలున్నాను. అక్కడ ఒక దుబాసీ అక్క ఉండేది. కొరియన్ మేనేజర్లకీ, మన టెక్నీషియన్లకీ మధ్య రోజంతా మాటలు మోయడమే ఆమె పని. అంటే ఆమె నోట్లోంచి వచ్చే ప్రతి రెండో వాక్యం వేరేవాళ్ళదే. "నా సొంత మాటలు లంచ్‌లో మాత్రమే మాట్లాడతానబ్బా" అనేది.

ఆమె నాకు ఒకే ఒక క్రియతో నాలుగు గడులు గీసి చూపించింది. క్రియ "క్కుద", అంటే ఆపడం, మిషన్ ఆఫ్ చేయడం. దాని మూలం క్కు. (రాసే ముందు ఒక మాట: కొరియన్‌లో ఉన్న కొన్ని అచ్చులకు మన దగ్గర అక్షరం లేదు. ఈ "క్కు"లోని ఉకారాన్ని పెదాలు గుండ్రంగా చుట్టకుండా పలకాలి. నేను తెలుగులో దగ్గరగా వచ్చేది రాస్తున్నాను, అంతే.)

సంగతి చెప్తే: క్కుందగో. ఆపుతున్నానని, ఆపుతానని.
ప్రశ్న అడిగితే: క్కున్యగో. ఆపుతావా అని.
ఆజ్ఞ ఇస్తే: క్కురగో. ఆపమని.
కలిసి చేద్దామంటే: క్కుజగో. ఆపుదామని.

వీటి తర్వాత "హెస్సొయో", అంటే అన్నాడు లేదా అన్నది, తగిలిస్తే వాక్యం పూర్తి. చివర గో అందరికీ ఒకటే. దాని ముందున్న ద, న్య, ర, జ అనే నాలుగు శబ్దాల్లోనే అసలు విషయం ఉంది.

ఇప్పుడు ఆజ్ఞ గడి దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అక్కడే ఒక సరదా సంగతి ఉంది. కొరియన్‌లో "ఆపు" అనడానికి ఎదుటివాళ్ళు ఎవరనే దాన్నిబట్టి చాలా రకాలున్నాయి. మామూలు మర్యాదతో అయితే క్కుసెయో. మీటింగులోనో అనౌన్స్‌మెంట్‌లోనో అయితే క్కుషిప్షియో. దోస్తుతో అయితే ఊరికే క్కొ. పెద్దవాడు చిన్నవాడికి గట్టిగా చెప్తే క్కొర. ఈ నాలుగింటిలో ఏది అన్నా సరే, ఇంకొకరికి చెప్పేటప్పుడు అన్నీ ఒకే రూపంలోకి కూలిపోతాయి: క్కురగో. మర్యాద పోతుంది, చనువు పోతుంది, కోపం పోతుంది. మిగిలేది ఆజ్ఞ అన్న విషయం ఒక్కటే.

అక్క ఇది చెప్పినప్పుడు నేను "ఇంత మర్యాదల భాషలో మర్యాదే తీసేస్తారా?" అన్నాను. "నువ్వు తీసెయ్యవా?" అని అడిగింది. ఆలోచిస్తే నిజమే. సార్ "ఆపండి" అన్నా, ఫ్రెండ్ "ఆపు" అన్నా, ఇంకెవడో "ఆపరా" అన్నా, మనం చేరవేసేది "ఆపమన్నారు", "ఆపమన్నాడు" అనే కదా. "ఆపమ" అనే ముక్కలో అండీ లేదు, రా లేదు. రమ్మన్నారు, కూర్చోమన్నారు, తినమన్నారు, అన్నీ అంతే. ఇంగ్లీషులో ఆలోచించి కొరియన్ నేర్చుకునేవాళ్ళు ఈ పాఠాన్ని బట్టీ పడతారు. మనం పుట్టినప్పటినుంచీ చేస్తున్న పనే ఇది.

అయితే ఇక్కడ ఒక గుంట ఉంది. గట్టి ఆజ్ఞ "క్కొర", చేరవేసే రూపం "క్కురగో". రెండింట్లోనూ ర ఉంది కదా అని చాలామంది క్కొర పక్కన గో పెట్టి "క్కొరగో" అంటారు. అది తప్పు. ఎదురుగా ఆజ్ఞ ఇచ్చేటప్పుడు క్రియ మూలం వెనక మొదట ఒక అచ్చు కలిసి, తర్వాత ర వస్తుంది. చేరవేసేటప్పుడు ఆ అచ్చు కలవదు, నేరుగా మూలానికే ర తగులుతుంది. తినడానికి చూడండి: ఎదురుగా అయితే "మొగొర", చేరవేస్తే "మొగురగో". మూలం హల్లుతో ముగిసింది కాబట్టి మధ్యలో పలకడానికి వీలుగా ఒక ఉకారం వచ్చింది, అంతే తేడా. ఎదుటివాడు తప్పు పలికాడో లేదో ఆ అచ్చు దగ్గర చెవి పెడితే తెలిసిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి పూర్తి రూపాలు. షాప్ ఫ్లోర్‌లో వీటిని ఎవరూ పూర్తిగా పలకరు. గో, దాని తర్వాతి హె కలిసి ఒక్క అక్షరంలోకి నలిగిపోతాయి. అప్పుడు నాలుగు గడులు ఇలా అవుతాయి: క్కుందేయో, క్కున్యేయో, క్కురేయో, క్కుజేయో. చివరి యో మర్యాద కోసం, అది ఇప్పుడు వింటున్నవాళ్ళకిచ్చే మర్యాద. మాట మొదట అన్నవాడు మర్యాదగా అన్నాడా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. దాన్ని తీసేస్తే ఫ్రెండ్స్ మధ్య మాట: క్కుందే, క్కున్యే, క్కురే, క్కుజే.

ఇప్పుడు ఆ మొదటిదాన్నీ మూడోదాన్నీ పక్కపక్కన పెట్టండి. క్కుందే అంటే "ఆపుతాడట". క్కురే అంటే "ఆపమంటున్నాడు". మొదటిది వింటే మీరు చేతులు కట్టుకుని నిలబడాలి, ఆయనే ఆపుతాడు. రెండోది వింటే మీరే పరిగెత్తి స్విచ్ నొక్కాలి. ప్రెస్ మిషన్ చప్పుడులో, మాస్కు వెనకనుంచి, ఫోన్‌లో ఈ రెండింటి మధ్య తేడా ఒక "న్ద", ఒక "ర" మాత్రమే. అక్క పద్ధతి ఏంటంటే చప్పుడున్నచోట పొట్టి రూపం వాడదు. "క్కురగో హష్యొస్సొయో" అని పూర్తిగా, నెమ్మదిగా అంటుంది. అవతలి కొరియన్ ఆయన పొట్టిగా అంటే, పూర్తి రూపంలో తిరిగి ఆయనకే వినిపించి సరేనా అని అడుగుతుంది.

"రే" అన్నదానికి ఇంకో వేషం కూడా ఉంది. నామవాచకం గురించి సంగతి చెప్పేటప్పుడు ద రాదు, దాని బదులు రగో వస్తుంది. గోజంగ్ అంటే మిషన్ చెడిపోవడం. "చెడిపోయిందట" అనాలంటే "గోజంగిరేయో". ఇక్కడ రే ఉంది గానీ ఆజ్ఞ లేదు, చెడిపొమ్మని ఎవరూ మిషన్‌ని ఆజ్ఞాపించరు కదా. గుర్తుపట్టడం కష్టం కాదు. రే ముందున్నది వస్తువో, స్థితో, మనిషో అయితే అది "అట". ముందున్నది క్రియ అయితే అది "అమన్నారు". మొదట్లో చెప్పిన మ్వొరగో కూడా ఈ మొదటి జాతే, మ్వొ అనేది నామవాచకం లెక్క కాబట్టి.

ఇక మర్యాద గురించి. లోపలి వాక్యంలో వినేవాళ్ళ పట్ల చూపే మర్యాద రాలిపోతుందని చెప్పాను. కానీ కొరియన్‌లో ఇంకో రకం మర్యాద ఉంది, పని చేసే మనిషి పట్ల చూపేది. క్రియ మధ్యలో "షి" పెడితే ఆ పని చేసేవాళ్ళు పెద్దవాళ్ళని అర్థం. ఇది రాలిపోదు. కానీ ఎక్కడ పెట్టాలో తెలియకపోతే గౌరవం తప్పు ఇంటికి వెళ్తుంది.

కొరియన్ పిల్లలు కూడా తరచూ చేసే పొరపాటు ఇది. టీచర్ క్లాసులో ఒక అబ్బాయిని పిలుచుకు రమ్మని ఇంకొక అబ్బాయిని పంపించారనుకుందాం. వాడు వచ్చి "సొన్‌సెంగ్‌నిమి నొ ఓషిరే" అంటాడు. సొన్‌సెంగ్‌నిమ్ టీచర్, నొ అంటే నువ్వు. టీచర్‌కి గౌరవం ఇవ్వాలి కాబట్టి షి పెట్టాననుకుంటాడు. కానీ ఆ మాటను విప్పితే "ఓషిరగో హె" అవుతుంది. షి ఉన్నది "రావడం" అనే క్రియలో. వచ్చేది ఎవరు? ఎదురుగా ఉన్న ఫ్రెండ్. అన్నది ఎవరు? టీచర్. అంటే వాడు ఫ్రెండ్‌ని "తమరు దయచేయండి" అన్నంత గౌరవించి, టీచర్‌ని "అన్నాడు" అని ఏకవచనంలో పడేశాడు. సరైనది "ఓరష్యొ". దీన్ని విప్పితే "ఓరగో హష్యొ". షి ఇప్పుడు "అనడం" అనే క్రియలోకి వచ్చింది, గౌరవం టీచర్‌కి చేరింది.

మన "రమ్మన్నారు"లో గౌరవం ఎక్కడుందో చూడండి. "అన్నారు"లోనే ఉంది. "రమ్మ"లో పెట్టడానికి చోటే లేదు, కాబట్టి మనకి ఈ పొరపాటు చేసే అవకాశమూ లేదు. కొరియన్‌లో రెండు చోట్లున్నాయి. వచ్చేవాళ్ళూ పెద్దవాళ్ళే అయితే రెండు చోట్లా పెట్టొచ్చు: "ఓషిరగో హష్యొస్సొయో". అందుకే నోరు తెరిచేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: చేసేది ఎవరు, చెప్పింది ఎవరు.

ఇవన్నీ ఒకచోట చేరితే ఎలా ఉంటుందో ఒక ఫోన్ కాల్‌తో చూద్దాం. ఆఫీసులో గ్వాజంగ్‌నిమ్, అంటే సెక్షన్ మేనేజర్. లైన్ దగ్గర బంజంగ్‌నిమ్, అంటే ఫోర్‌మన్, ఆయనా కొరియనే. పక్కన మన టెక్నీషియన్లు. ఫోన్ అక్క చేతిలో. మేనేజర్ ఐదు మాటలు చెప్పారనుకుందాం. అక్క వాటిని కొరియన్‌లో ఫోర్‌మన్‌కీ, తెలుగులో మనవాళ్ళకీ చెప్పాలి.

మొదటిది, "ప్రెస్ క్కుసెయో", ప్రెస్ ఆపండి. ఇది ఆజ్ఞ, ర గడి. "క్కురగో హష్యొస్సొయో." తెలుగులో "ప్రెస్ ఆపమన్నారు." రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి.

రెండోది, "మున్ యొల్జి మసెయో", తలుపు తెరవకండి. ఇదీ ఆజ్ఞే, కాకపోతే వద్దనే ఆజ్ఞ. "మున్ యొల్జి మల్లగో హష్యొస్సొయో." తెలుగులో "తలుపు తెరవొద్దన్నారు." మల్లగో అన్నది మన "వద్దని"కి సరిగ్గా సరిపోతుంది.

మూడోది, "వే సోరిగ నయో?", శబ్దం ఎందుకొస్తోంది? ఇది ప్రశ్న. అక్కడ ఒక తమాషా ఉంది: నయో అన్నమాట సంగతికీ ప్రశ్నకీ ఒకటే, గొంతు పైకి లేస్తేనే ప్రశ్న. చేరవేసేటప్పుడు గొంతు చేరదు కాబట్టి ఆ పనిని న్య చేస్తుంది: "వే సోరిగ నన్యగో హష్యొస్సొయో." పొరపాటున నందగో అంటే "శబ్దం వస్తోందని చెప్పారు" అయిపోతుంది, అడిగినవాడు చెప్పినవాడవుతాడు. తెలుగులో మనం ప్రశ్నను ఉన్నదున్నట్టే ఉంచి అని తగిలిస్తాం: "శబ్దం ఎందుకొస్తోందని అడిగారు."

నాలుగోది, "సేషిఎ గమ్నిద". మక్కికి మక్కి చెప్తే "మూడింటికి వెళ్తాను". కొరియన్‌లో ఎదుటివాళ్ళున్న చోటికి బయల్దేరేటప్పుడు వస్తాననరు, వెళ్తాననే అంటారు. తన చోటునుంచి కదలడం వెళ్ళడమే కదా అన్నది వాళ్ళ లెక్క. కానీ అక్క లైన్ దగ్గర నిలబడి చెప్తోంది, ఆమె చోటునుంచి చూస్తే ఆయన వస్తున్నాడు. కాబట్టి వెళ్ళడం కాస్తా రావడం అవుతుంది. పైగా మేనేజర్ తనకు తాను షి పెట్టుకోడు, ఎవరూ తమని తాము గౌరవించుకోరు. అక్క మాత్రం పెట్టాలి. అలా గమ్నిద కాస్తా "ఓషిందగో హష్యొస్సొయో" అవుతుంది. క్రియ మారింది, షి వచ్చింది, చివరి మర్యాద రాలింది, ద మాత్రం ఉండిపోయింది. తెలుగులో "మూడింటికి వస్తానన్నారు."

ఐదోది, "గచి బోప్షిద", కలిసి చూద్దాం. పిలుపు, జ గడి: "గచి బోజగో హష్యొస్సొయో." తెలుగులో "కలిసి చూద్దామన్నారు."

ఈ నాలుగో మాట దగ్గరికి మళ్ళీ రావాలి, ఎందుకంటే అక్క కష్టం అక్కడుంది. తెలుగులో "వస్తానన్నారు" అంటే చెప్పినాయనే వస్తాడు. "వస్తారన్నారు" అంటే ఇంకెవరో వస్తారు. చెప్పినవాడి "నేను" మన క్రియలో నిక్షేపంగా దాక్కుని ఉంటుంది. కొరియన్ క్రియలో నేను, నువ్వు, వాడు అనే తేడా ఎప్పుడూ లేదు. "ఓషిందగో హష్యొస్సొయో" అంటే ఆ మేనేజరే రావచ్చు, ఆయన పైన ఉన్న డైరెక్టర్ రావచ్చు. కొరియన్లు సందర్భాన్నిబట్టి తెలుసుకుంటారు, మరీ అవసరమైతే "జగిగ", అంటే "తను", అని చేరుస్తారు. కానీ తెలుగులోకి తెచ్చేవాళ్ళకి సందర్భం మీద వదిలేసే వీలు లేదు. న పెట్టాలా ర పెట్టాలా తేల్చుకోకుండా వాక్యమే పూర్తికాదు. అందుకే అక్క రోజుకి ఎన్నిసార్లు "నుగయో?" అంటుందో లెక్కలేదు. నుగయో అంటే "ఎవరు?". కొత్తగా వచ్చిన కొరియన్ ఇంజనీర్లకి మొదట్లో ఇది వింతగా ఉండేదట. ఇంత తేలికైన వాక్యం అర్థం కాలేదా అనుకునేవాళ్ళట. అర్థం కాక కాదు, తెలుగు అడిగిస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో చోటుంది, అక్కడ కొరియన్ తేల్చి చెప్తుంది, తెలుగు వదిలేస్తుంది. "స్పానర్ ఇవ్వమన్నాడు" అంటే ఎవరికివ్వాలి? అన్నవాడికా, ఇంకెవరికైనానా? మనకి తెలీదు. కొరియన్‌లో "ఇవ్వండి" అనేది ఎదురుగా అయితే ఎప్పుడూ జుసెయో, సీరియళ్ళలో రోజూ వినేదే. చేరవేసేటప్పుడు మాత్రం అది రెండుగా చీలుతుంది. అడిగినవాడికే కావాలంటే "దల్లగో హెస్సొయో". వేరేవాళ్ళకి ఇవ్వమంటే "జురగో హెస్సొయో". దల్లగో విన్న వెంటనే స్పానర్ ఎవరి చేతికెళ్ళాలో తెలిసిపోతుంది. దీన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు అక్క "తనకివ్వమన్నాడు" అని ఒక మాట ఎక్కువ చేరుస్తుంది.

చివరగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన రూపం. మిషన్ ఆగిపోయిందని తెలిశాక టెక్నీషియన్ లోపల చెయ్యి పెట్టి ఇరుక్కున్న ముక్క తీయాలి. ఆగిందన్న మాట కొరియన్‌లో కనీసం మూడు రకాలుగా రావచ్చు. "క్కొస్సొయో" అంటే ఆపాను, లేదా ఆపారు. చెప్పేవాడు తన పూచీ మీద చెప్తున్నాడు. "క్కొత్తొరగోయో" అంటే ఆపి ఉండగా చూశాను. ఇందులో రగో వినబడుతుంది గానీ ఇది ఎవరి మాటనూ చేరవేయడం కాదు. ముందున్న "తొ" అన్న ముక్క "నా కళ్ళతో చూశాను" అని చెప్తుంది. మూడోది "క్కొత్తేయో", ఆపారట. ఎవరో అన్నారు, నేను చూడలేదు.

మూడు వాక్యాల్లోనూ మిషన్ ఆగే ఉంది. ఎవరు హామీ అన్నదే తేడా. ఇంగ్లీషులో తొందరగా అనువదిస్తే మూడూ "ఇట్స్ ఆఫ్" అయిపోతాయి. అక్క ఇంగ్లీషు మీదుగా వెళ్ళదు, కొరియన్‌నుంచి నేరుగా తెలుగులోకి వస్తుంది. కారణం మన దగ్గర ఆ మూడోదానికి సరిగ్గా అదే బరువున్న మాట ఉంది: ట. "ఆపారట." ఒక్క అక్షరమే, కానీ వినే టెక్నీషియన్‌కి అది "నేను చూడలేదన్నా, నువ్వే చూసుకో" అని చెప్పేస్తుంది. ఆ ట ఎగిరిపోయి "ఆపారు" అని చేరితే, ఎవరో ఎవరితోనో అన్న మాట ఒక మనిషి కళ్ళారా చూసిన సాక్ష్యంగా మారిపోతుంది.

దానికి తోడు ఇంకో ఇబ్బంది. కొరియన్‌లో "చూశాను" అనే అర్థంతో పొట్టిగా అనే ఇంకో ముగింపు ఉంది, దాన్ని "దే" అని ఒక అచ్చుతో రాస్తారు. విన్న మాటకు వాడే "దే"ని వేరే అచ్చుతో రాస్తారు. కాగితం మీద తేడా స్పష్టం. కానీ ఈ కాలపు సియోల్ ఉచ్చారణలో ఆ రెండు అచ్చులూ దాదాపు కలిసిపోయాయి. వర్తమానంలో క్కుందే అన్నప్పుడు మధ్యలో న్ వినబడుతుంది కాబట్టి విన్నదేనని తెలుస్తుంది. భూతకాలంలో ఆ న్ లేదు. కాబట్టి "క్కొత్తే" అని ఒక్కసారి వింటే చూశాడో విన్నాడో చెవితో తేల్చలేం. చాటింగ్‌లో కొరియన్లే ఈ రెండింటి స్పెల్లింగ్ తారుమారు చేస్తుంటారు. అక్క నియమం సింపుల్: అనుమానమొస్తే ట పెట్టు. చూసినదాన్ని విన్నదని చెప్తే పోయేది రెండు నిమిషాలు, ఇంకోసారి వెళ్ళి చూసుకుంటారు. విన్నదాన్ని చూసినదని చెప్తే పోయేది వేళ్ళు.

అందుకే మంచి షాప్ ఫ్లోర్‌లో "ఆపారట"తో ఎవరూ చెయ్యి లోపల పెట్టరు. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ మెయిన్ స్విచ్‌కి తన తాళం తనే వేసి, పేరున్న ట్యాగ్ తగిలించి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకుంటాడు. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి చూస్తాడు, మిషన్ కదలకపోతేనే పని మొదలు. మెకానికల్ వాళ్ళకి ఇది సేఫ్టీ పాఠంలో ఉంటుంది. నాకు మాత్రం ఇది వ్యాకరణం లాగా కూడా కనిపిస్తుంది. ఆ తాళం చేసే పని ఏంటంటే ఒక "క్కొత్తేయో"ని "క్కొస్సొయో"గా మార్చడం, ఎవరో ఆపారట అన్నదాన్ని నేను ఆపాను అన్నదానిగా మార్చడం. తాళం పడేదాకా ఆ వాక్యం చివర ట ఉండాల్సిందే.